తొమ్మిది నెలల పెరుగు

మా ఫ్యాక్టరీ కొత్త పెరుగు డబ్బా తొమ్మిది నెలలు నిలవ ఉంటుంది. ఫ్రిజ్ అక్కర్లేదు, పులవదు, నీళ్లు వదలదు. అంత బుద్ధిమంతురాలైన పెరుగును నేను మరెక్కడా చూడలేదు. ఆ బుద్ధి నేర్పింది మేమే. తోడుకున్నాక మళ్లీ బాగా వేడి చేసి సీలు వేస్తాం. పాలను పెరుగు చేసిన సూక్ష్మజీవులన్నీ ఆ వేడికి చచ్చి ఊరుకుంటాయి.

మార్కెటింగ్ మేనేజరు మాత్రం మూత మీద ‘కోట్లాది సజీవ ప్రోబయోటిక్స్’ అని వేయించాలని పట్టుబట్టాడు. అది నిజమేనని ల్యాబ్ అధికారిగా నేను సంతకం పెట్టాలి.

“అవన్నీ చచ్చిపోయాయి సార్,” అన్నాను.

“చచ్చినా కోట్లే కదా మేడమ్?”

“ఆ మాట తీసేయండి, సంతకం పెడతాను.”

“తీసేస్తే ఇంకేముంటుంది? ఉత్త పెరుగే!”

ఇతనితో మాట్లాడటం కంటే గోడకు చెప్పుకోవడం నయం. మర్నాడు యజమాని పిలిచి, “సంతకం పెట్టని ల్యాబ్ అధికారి నాకెందుకమ్మా?” అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఉద్యోగం పోతుందని నాకు నిజంగానే భయం వేసింది. అయినా నోరు ఊరుకోదు కదా.

“మన డబ్బాలోది ఓ చెంచా గోరువెచ్చని పాలలో వేద్దాం సార్. తోడుకుంటే సంతకం పెడతాను. లేదంటే ఆ మాట తీసేయాలి.”

యజమాని సరేనన్నాడు. పాలు మరగబెట్టి చల్లార్చింది నేనే. తోడు మాత్రం తనే వేస్తానని, సాయంత్రం ఇంటికెళ్లి వచ్చి వేస్తానని మేనేజరు గిన్నె తీసుకున్నాడు. నేను తలూపాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పొద్దున మీటింగు గదిలో గిన్నె మూత తీసి చూశాను. పెరుగు గడ్డగా తోడుకుంది. మేనేజరు తన ఫోన్‌ను గదిలోని స్పీకరుకు కలిపి ప్రకటన పాట వినిపిస్తూ నా ముందుకు పెన్ను జరిపాడు.

ఒక్క నిమిషం ఆగమని ఓ చుక్క ల్యాబ్‌కి తీసుకెళ్లి మైక్రోస్కోపు కింద చూశాను. గొలుసుల్లా గుండ్రటివీ, పుల్లల్లా పొడుగుపాటివీ ఉన్నాయి. సరే, పెరుగన్నాక ఉంటాయి. వాటి మధ్య ఈస్ట్ కూడా మొగ్గలు వేస్తూ కనబడింది. మేం వాడే తోడులో ఈస్ట్ ఉండదు.

“ఇది మన డబ్బాలోంచే వస్తే వేడి చేశాక ఏదో లోపలికి చేరినట్టు సార్. తయారైన సరుకంతా పారేయాలి,” అన్నాను తిరిగొచ్చి.

యజమాని మొహం మాడిపోయింది.

“ఆవిడ ల్యాబే శుభ్రంగా లేదేమో సార్,” అన్నాడు మేనేజరు.

యజమాని నా వైపు తిరిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడే పాట ఆగి మేనేజరు ఫోను మోగింది. వాళ్లమ్మ.

“తర్వాత చేస్తానమ్మా...”

“పెద్దావిడ, మాట్లాడవయ్యా,” అన్నాడు యజమాని.

గదంతా ఆవిడ గొంతు. “ఏరా, నిన్న సాయంత్రం నా పెరుగు గిన్నె ఊడ్చుకుపోయావు! తోడుకి చుక్క మిగల్చలేదు. పోనీలే అని నువ్వు తెచ్చిన మీ ఆఫీసు డబ్బాలోది ఒకటికి రెండు చెంచాలు వేశాను. తెల్లారినా పాలు పాలలాగే ఉన్నాయి. ఇంతకీ ఏం అమ్ముతున్నార్రా మీరు?”

మేనేజరు నేల చూపులు చూశాడు. యజమాని గిన్నెలోంచి ఓ చెంచా నోట్లో వేసుకున్నాడు. ఆయన వ్యాపారి, ఏదీ వృథాగా పోనివ్వడు.

“అద్భుతం! దీన్నే అమ్ముదాం. ‘అమ్మచేతి ప్రోబయోటిక్’!”

“నేనూ అదే చెప్పబోతున్నాను సార్,” అన్నాడు మేనేజరు, ప్రాణం లేచొచ్చి.

నేను తల పట్టుకున్నాను. “సార్, ఇది సజీవమే. వేడి చేయని ఇంటి పెరుగు, చిలికిన మజ్జిగ, దుకాణంలో ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే మామూలు పెరుగు, వీటన్నిట్లోనూ బతికున్నవి ఉంటాయి. ప్రోబయోటిక్ అనాలంటే అది చాలదు. ఆ జీవి ఫలానా రకమని తేలాలి, తినేనాటికి తగినన్ని బతికుండాలి, వాటివల్ల ఒంటికి మేలు జరుగుతుందని పరీక్షల్లో రుజువవ్వాలి. ఈ గిన్నెలో ఎవరెవరున్నారో నాకూ తెలీదు, పెద్దావిడకీ తెలీదు. వచ్చే వారానికి వేరేవాళ్లు చేరొచ్చు.”

ఫోను ఇంకా పెట్టేయలేదని అప్పుడు తెలిసింది.

“అయితే నా పెరుగు మంచిది కాదంటావా అమ్మాయ్?”

ఆ గొంతులో చిన్నబుచ్చుకోవడం విని నా మనసు చివుక్కుమంది. “చాలా మంచిదండీ. ఆ పేరు పెట్టాలంటేనే రుజువు కావాలి.”

“పేరేం చేసుకుంటానమ్మా, నాకు తోడు కావాలి. ఆ గిన్నె జాగ్రత్తగా ఇంటికి పట్టుకురమ్మను వాణ్ణి.”

యజమాని మూత నమూనా నా ముందు పెట్టాడు. ‘కోట్లాది’, ‘సజీవ’, ‘ప్రోబయోటిక్స్’, మూడు మాటలూ కొట్టేసి, ‘తోడుకున్నాక వేడి చేసినది’ అని రాసి, హాయిగా సంతకం పెట్టాను. మేనేజరు గిన్నెకు మూత పెట్టి రెండు చేతులా పట్టుకుని, తొమ్మిది నెలల డబ్బాల దొంతర్ల మధ్య నుంచి ఇంటికి బయల్దేరాడు. ఆ రోజు మా గేటు దాటిన సజీవమైన పెరుగు అదొక్కటే.