చెరిపేసిన అంకె

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో వారంటీ క్లెయిములు చూసేది ఆమె ఒక్కతే. ఇంజిన్ పాడైన బండి వస్తే విప్పి చూసి, కారణం రాసి పైకి పంపాలి. తప్పు తయారీలో ఉంటే కంపెనీ కొత్త భాగాలు ఇస్తుంది. బండికి బయట ఏవైనా మార్పులు చేయించి, వాటివల్ల పాడైతే ఇవ్వదు. తొమ్మిదేళ్లుగా ఆమె రాసిన రిపోర్టును పైవాళ్లు ఒక్కసారి కూడా తిప్పి పంపలేదు. ఆమె సంతకం ఉంటే మేనేజర్ చదవకుండానే ముద్ర వేసేవాడు.

ఆ రోజు వ్యానులో వేసుకొచ్చిన బండి లెక్కల ట్యూషన్ మాస్టారిది. ముప్పై ఏళ్లుంటాయి. నలిగిన చొక్కా, చేతిలో హెల్మెట్. ఆసుపత్రిలో రోగి పక్కన నిలబడ్డట్టు బండి పక్కనే నిలబడ్డాడు.

"హైవే మీద పోతుంటే ఉన్నట్టుండి పవర్ పోయింది మేడమ్. వెనకంతా నీలం పొగ. పద్నాలుగు నెలలు కూడా కాలేదు కొని. వారంటీలో వస్తుంది కదా?"

"విప్పి చూస్తే గానీ చెప్పలేనండి."

"బయట ఏమీ చేయించలేదు" అన్నాడు. అడగకుండానే అన్నాడు.

మధ్యాహ్నానికి ఇంజిన్ విప్పేసింది. పిస్టన్ నెత్తిన చిటికెన వేలు పట్టేంత రంధ్రం. అంచులు కరిగి, మైనంలా జారి గడ్డకట్టి ఉన్నాయి. స్పార్క్ ప్లగ్ తెల్లగా, సున్నం పూసినట్టుంది. గాలి ఎక్కువై పెట్రోలు చాలక, వేడికి మండిన ఇంజిన్ అది. ఆమెకు రెండోసారి చూడాల్సిన పని లేదు.

అసలు ఉదయం సైలెన్సర్ విప్పుతున్నప్పుడే చెయ్యి ఆగిపోయింది. కంపెనీ సైలెన్సరే. కానీ ఇంజిన్‌తో కలిసేచోట సందు మూసే గాస్కెట్ నిగనిగలాడుతోంది. పద్నాలుగు నెలల బండికి నిన్నటి గాస్కెట్. ప్రతి బోల్టు తల మీదినుంచి కిందికి సన్నగా పసుపు రంగు గీత. బోల్టు కదిలితే గీత విరిగి కనబడుతుందని, బిగించాక కుంచెతో అలా గీత గీసే మనిషి ఆమెకు తెలిసి ఒక్కడే. ఆమెకు స్పానర్ పట్టుకోవడం నేర్పినవాడు. ఆమె అన్నయ్య.

బండిలోని కంప్యూటర్‌ను తన యంత్రానికి కలిపి చూసింది. సైలెన్సర్ గొట్టంలో ఉండే సెన్సర్ చెప్పేదాన్నిబట్టి ఆ కంప్యూటర్ పెట్రోలు కొంచెం పెంచుతూ, తగ్గిస్తూ సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు గుర్తు పెట్టుకుంటుంది కూడా. మామూలు బండిలో అది రెండో మూడో శాతం ఉంటుంది. ఇక్కడ ఇరవై ఐదు ఉంది. అంతకుమించి పెంచే వీలు దానికి లేదు. కంపెనీ సైలెన్సర్, కంపెనీ ఎయిర్ ఫిల్టర్ ఉన్న బండిలో, ఇంకే లోపమూ లేకుండా, ఆ అంకె రాదు. ఆమె పెట్రోలు పంపు ఒత్తిడి చూసింది, ఇంజక్టర్ చూసింది. రెండూ సక్రమంగా ఉన్నాయి. బయటి సామాను బిగించి ఉండగానే ఇంజిన్ చచ్చిపోయింది. తర్వాత పాత సామాను పెట్టారు గానీ, ఇంజిన్ మళ్లీ తిరగలేదు కాబట్టి కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు.

భోజనం డబ్బా తెరవకుండానే అన్నయ్య షాపుకు వెళ్లింది.

అన్నయ్య షాపు రెండు షట్టర్ల వెడల్పు. గోడకు వరసగా స్పానర్లు, వాటి వెనక ఒక్కోదానికీ గీసిన ఆకారం. కార్బ్యురేటర్ బండ్ల రోజుల్లో ఊళ్లో సగం బండ్లు ఆ గుమ్మం ముందే ఉండేవి. చెవి ఆనించి స్క్రూ పావు చుట్టు తిప్పితే ఇంజిన్ నిమ్మళించేది. నాన్న పోయాక ఇంటిని లాక్కొచ్చిందీ, చెల్లెల్ని డిప్లొమా చదివించిందీ ఆ పావు చుట్లే.

ఆమె మొహం చూసి అన్నయ్య గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"మాస్టారి బండి నీ దగ్గరికే వచ్చిందా?"

"ఏం బిగించావు అన్నయ్యా?"

"ఫ్రీ ఫ్లో సైలెన్సర్. దాంతోపాటు ఓపెన్ ఫిల్టర్. రెండూ ఆయనే కొనుక్కొచ్చాడు."

"మ్యాపింగ్? కంప్యూటర్‌లో పెట్రోలు లెక్క మార్పించలేదా?"

"చేయించుకోమన్నా. దానికి ల్యాప్‌టాప్ వాడు వేరే ఉన్నాడు, వాడి దగ్గరికి పొమ్మన్నా. వచ్చే నెల చూస్తానన్నాడు."

"అది చేయించకుండా బండి ఎలా ఇచ్చావు?"

అన్నయ్య చేతిలోని గుడ్డ మడతపెట్టాడు. "కంప్యూటర్ దానంతటదే సర్దుకుంటుంది అన్నారు."

"నిదానంగా పోతే సర్దుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు అది సెన్సర్ మాట వినదు. ఫ్యాక్టరీలో రాసిపెట్టిన లెక్క ప్రకారం పెట్రోలు పోస్తుంది. నువ్వేమో గాలి పెంచావు. లెక్క పాతదే."

"కార్బ్యురేటరైతే పెట్రోలు ఎక్కువ వచ్చే పెద్ద జెట్ వేసేవాణ్ణి. దీంట్లో నా చెయ్యి పెట్టే చోటే లేదు." ఆ మాట అంటున్నప్పుడు అన్నయ్య ఆమెవైపు చూడలేదు. "సౌండ్ బాగుందని మురిసిపోయాడు. నాకూ బాగానే అనిపించింది."

"పొల్యూషన్ టెస్ట్ ఎలా పాసైంది?"

"మొదట ఫెయిలే. పొగను శుభ్రం చేసే జల్లెడ పాత సైలెన్సర్ గొట్టంలోనే ఉంది కదా, అది లేకపోయేసరికి పొగలో హైడ్రోకార్బన్లు రెట్టింపని యంత్రం చూపించింది. పాతది బిగించి పాస్ చేయించి, మళ్లీ కొత్తది పెట్టా. అందరూ చేసేదే."

అన్నయ్య గొంతు తగ్గించి చెప్పాడు. వారంటీ రాకపోతే మాస్టారు కేసు వేస్తానంటున్నాడు. కోపంలో అన్నా, అనడం అన్నాడు. కంప్యూటర్‌తో నడిచే ఇంజక్షన్ బండ్లు వచ్చాక షాపుకు వచ్చేవాళ్లే తగ్గిపోయారు. ఇప్పుడు 'ఇంజిన్ కాల్చేశాడు' అన్న పేరు పడితే ఇక షట్టర్ ఎత్తే పని ఉండదు.

"నిన్ను అడగలేను. అడక్కుండా ఉండనూ లేను."

ఆమె సెంటర్‌కు తిరిగి వచ్చేసింది.

సెంటర్‌లో ఆ అంకె తెర మీద అలాగే ఉంది. పక్కనే 'గుర్తుపెట్టుకున్న విలువలు చెరుపు' అన్న మీట. రిపేరు పూర్తయ్యాక వాడేదది, ముందు కాదు. ఆమె నొక్కింది. ఇరవై ఐదు పోయి సున్నా వచ్చింది. థిన్నర్‌లో గుడ్డ తడిపి బోల్టుల మీది పసుపు గీతలు తుడిచేసింది. రిపోర్టులో 'పిస్టన్ లోహంలో లోపం ఉన్నట్టు అనుమానం' అని రాసింది.

మాస్టారు ఫోన్లో "మీ రుణం మర్చిపోను మేడమ్" అన్నాడు.

పిస్టన్ లోహం మీద అనుమానం అంటే కంపెనీ ఊరుకోదు. అదే విడతలో తయారైన వేల బండ్ల సంగతి తేలాలి. పదిరోజులకు పైనుంచి కంపెనీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నెమ్మదైన మనిషి. ఆమెకు శిక్షణ ఇచ్చిందీ ఆయనే. పిస్టన్ చేతిలో పట్టుకుని కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు. మాస్టారి దగ్గర్నుంచి పొల్యూషన్ టెస్టు ఫలితాలు తెప్పించాడు. రెండు కాగితాలు, మధ్య మూడు రోజులు. మొదటిది ఫెయిల్, రెండోది పాస్. ఆ మూడు రోజుల్లో సెంటర్‌లో రిపేరు చేసినట్టు ఎక్కడా లేదు.

ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"మీ యంత్రం బండికి తగిలించగానే అందులో ఉన్నవన్నీ సర్వర్‌కు కాపీ వెళ్తాయి. శిక్షణలో చెప్పాను."

"గుర్తుంది సార్."

"ఇరవై ఐదు చూశారు. మూడు గంటల తర్వాత చెరిపారు."

"అవును సార్."

"ఎందుకమ్మా?"

అన్నయ్య కోసమని చెబితే అన్నయ్య పేరు కాగితం మీదికి ఎక్కుతుంది. ఆయన కొంతసేపు ఎదురుచూసి, పెన్ను మూత పెట్టాడు. "మీరు నిజం రాసుంటే క్లెయిమ్ ఒక్కటే పోయేది" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేకపోవడమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఉద్యోగం ఆ వారంలోనే పోయింది. అంతటితో ఆగలేదు. రెండేళ్లలో ఆమె సంతకం చేసిన రిపోర్టులన్నీ మళ్లీ తీశారు. నడుస్తున్న క్లెయిములు ఆపేశారు. అందులో ఇంటింటికీ తిరిగి గాయాలకు కట్లు మార్చే నర్సు ఒకావిడది ఉంది. గేర్‌బాక్సులో నిజంగానే తయారీ లోపం. తన సామాను తెచ్చుకోవడానికి వెళ్లినరోజు ఆ నర్సు కౌంటరు దగ్గర కనబడింది.

"నాది ఎందుకు ఆగిందండీ? వారంటీ వస్తుందని మీరే అన్నారు కదా. రోజూ నడిచే తిరుగుతున్నాను."

ఆమె తలొంచుకుని బయటికి వచ్చేసింది.

మాస్టారి క్లెయిమ్ కొట్టేశారు. ఆయన అన్నయ్య షాపు ముందు నిలబడి, అరవకుండా, వచ్చినవాళ్లందరికీ జరిగింది చెప్పాడు. అబద్ధం ఒక్కటీ లేదు. మ్యాపింగ్ చేయించుకోమన్న మాట మాత్రం మర్చిపోయాడు. నెలలో షాపు ముందు బండ్లు పలచబడ్డాయి.

ఇంకెక్కడా పని దొరక్క ఆమె అన్నయ్య షాపులోనే కూర్చోవడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం, చేసేందుకేమీ లేక ఇద్దరూ ఎదురెదురు స్టూళ్ల మీద కూర్చుని ఉన్నప్పుడు, అన్నయ్య ఉన్నట్టుండి అన్నాడు.

"నువ్వు నిజం రాసేయాల్సింది."

"నువ్వడిగావు కదా."

"అడిగాను. నువ్వు కాదంటావనే అడిగాను. నువ్వు అలాంటి పని చేయవని నా నమ్మకం."

తిట్టినా బాగుండేది. అన్నయ్య లేచి, తుడిచిన స్పానర్‌నే మళ్లీ తుడవసాగాడు.

వానలు మొదలయ్యాక ఒకతను కొత్త బండి మీద వచ్చాడు. వెనక సీటుకు తాడుతో కట్టిన పొడవాటి అట్టపెట్టె. లోపల సైలెన్సర్, పక్క సంచిలో ఎయిర్ ఫిల్టర్.

"ఇవి బిగించాలి. సాయంత్రానికి అవుతుందా?"

అన్నయ్య ఆమెవైపు చూశాడు. వారం రోజులుగా షాపులో పంక్చర్లు తప్ప పని లేదు. ఆమె లేచి నిలబడి అతనికి చెప్పింది. దీనికి తగ్గట్టు మ్యాపింగ్ చేయించాలని, చేయించకుండా వేగంగా పోతే ఇంజిన్ కాలిపోవచ్చని, దీనివల్ల ఇంజిన్‌కు ఏమైనా అయితే వారంటీ రాదని, పొగ శుభ్రం చేసే భాగం ఇందులో లేదు కాబట్టి పొల్యూషన్ టెస్టు పాస్ కాదని, సౌండుకు కూడా జరిమానా వేస్తారని. అతను ఓపిగ్గానే విన్నాడు.

"పక్క వీధి షాపువాడు ఇవేమీ చెప్పలేదే" అన్నాడు. "గంటలో బిగిస్తా అన్నాడు."

"అక్కడికే వెళ్లండి, మేం చేయలేం" అంది ఆమె.

అతను వెళ్లాక, వానజల్లు లోపలికి కొడుతుంటే అన్నయ్య ఒక షట్టరు సగానికి దించాడు. నెలాఖరున రెండో షట్టరు కూడా దించి, టైర్ల గోదాములో కాపలాకు కుదిరాడు. స్పానర్లు ఎవరో కొనుక్కుపోయారు. గోడ మీద వాటి ఆకారాలు మిగిలాయి. షాపు గది యజమాని సున్నం వేయించేదాకా అవి కూడా ఉన్నాయి.

అన్నాచెల్లెళ్లు ఇప్పుడూ ఒకే ఇంట్లో ఉంటారు. వేళకు తింటారు. పొద్దున అన్నయ్య వెళ్తుంటే ఆమె డబ్బా సర్ది ఇస్తుంది, అన్నయ్య తీసుకుంటాడు. బండ్ల గురించి మాత్రం మాట్లాడుకోరు. వేరే మాటలు వాళ్లకు ఎప్పుడూ పెద్దగా ఉండేవి కావు.