నలుపు తెలుపులో బొట్టు

మా అత్తమామలకు పెళ్లై యాభై ఏళ్లయింది. వాళ్ల ఫొటోను నలుపు తెలుపులో పెద్దగా చేయించడానికి బోధన్‌లోని స్టూడియోకు ముగ్గురం వెళ్లాం. పక్క నుంచి ఎండ పడి ముఖాల మీది ముడతలన్నీ తేలిన ఫొటో అది. రంగు లేకున్నా నిలుస్తుందని నేనే ఎంచాను.

స్టూడియో పరమేశ్వర్ కంప్యూటర్‌లో ఒక్క నొక్కుతో రంగు తీసేశాడు.

అత్తమ్మ రేణుకమ్మ కొయ్యబారిపోయింది.

"నా బొట్టేది బిడ్డా?"

తెర మీద ఆమె నుదురు బోసిగా ఉంది.

"నేనింక ఈడనే ఉన్న గదనే," అన్నాడు మామయ్య.

ఎర్రటి బొట్టు, చామనఛాయ నుదురు ఒకే బూడిద రంగై కలిసిపోయాయి.

"రంగంత ఒక్కసారే తియ్యకు అన్నా. ఎరుపును ముదురు చెయ్యి, ఒంటిరంగు నారింజల ఉంటది, దాన్ని లేత చెయ్యి," అన్నాను.

అతను తెర మీద రంగుల మోతాదు మార్చే గీతలను ఒక్కొక్కటే జరిపాడు. నారింజ గీత పెంచగానే ముఖానికి వెలుగొచ్చింది, ముడతలు చెదరలేదు. ఎరుపు తగ్గించగానే నుదుట నల్లని చుక్క తేలింది.

అత్తమ్మ దాన్నే చూస్తూ నిలబడింది.

"ఇంకింత నల్లగ చెయ్యి కొడుకా," అంది. "వాకిట్ల నుంచి సూసినా కనబడాలె."