పసుపంటిన జవాబు

కిషన్ రావు చేసిన పని పగవాడు కూడా చెయ్యడని యాకయ్య ఇప్పటికీ అంటాడు. పగవాడైతే మొహం మీద తలుపేస్తాడు. మనం తిట్టుకుంటూ ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని అన్నం తింటాం. అక్కడికి అయిపోతుంది. కిషన్ రావు అట్లా చెయ్యలేదు. మర్యాదగా ఉత్తరం రాశాడు. అంత మంచిగా రాసిన మనిషిని తిట్టబోతే నోరు రాదు. తిట్టకుండా ఉందామంటే కడుపులో మంట ఆరదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. వరంగల్ స్టేషన్‌కు దగ్గర్లో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లొకటి ఉండేది. కిషన్ రావు దానికి మేనేజరు. రైతులు తెచ్చిన పత్తిని చూసి రకం కట్టే మేస్త్రీ కొలువు ఖాళీ అయిందని ఆ కార్తీకంలో కబురు పుట్టింది. నెలజీతం, ఏడాది పొడుగునా పని. యాకయ్యది నర్సంపేట పక్క పల్లె. నాలుగో తరగతిలో బడి మానిన దగ్గర నుంచి నలభై మూడేళ్ళు వచ్చే దాకా అతని చేతులకు పత్తి తప్ప మరొకటి తెలియదు. పత్తి బేరాలు నడిపే అడ్తి కొట్ల ముందు ఎండలో నిలబడి, వాళ్ళు పిలిస్తే రకం చెప్పి, ఇచ్చింది తీసుకుని వచ్చేవాడు. పిలవని రోజున ఉత్తచేతులతో వచ్చేవాడు. కొలువు దొరికితే ఆ నిలబడటం తప్పుతుంది. అయితే మిల్లులో ఒక షరతుంది. ఎంపికైన మనిషి, ఉత్తరం అందిన ఎనిమిది రోజుల్లో జమానతు కింద, అంటే హామీ సొమ్ముగా, నాలుగు వందలు కట్టాలి. కట్టకపోతే కొలువు రెండో మనిషికి పోతుంది. యాకయ్యకు ఉన్నదల్లా చెరువు కింది చేను ఒక్కటే.

పదిహేడు మంది వస్తే మూడు విడతల్లో వడపోసి ఇద్దరిని మిగిల్చారు. చివరి రోజు గోదాములో పత్తి నింపిన పన్నెండు గోనె బోరెలు నిలబెట్టారు. యాకయ్య గుప్పెడు పత్తి తీసి, గింజ పంటికింద కొరికి, అది పలికిన తీరుతో తడి ఎంతుందో చెప్పాడు. రెండు బొటనవేళ్ళ మధ్య పోగు లాగి, నల్లగుడ్డ మీద పరిచి, పొడుగు చెప్పాడు. కిషన్ రావు కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పోగు తెగినప్పుడల్లా తల ఒక్కటి కొంచెం పక్కకు వంగేది. చూడకుండా వింటున్నాడీయన అనుకున్నాడు యాకయ్య.

"జమానతు ఎట్ల కడ్తవయ్యా?" అని చివరకు అడిగాడు, కళ్ళు తెరవకుండానే.

"చేనున్నది సార్. అమ్ముత."

కిషన్ రావు అప్పుడు కళ్ళు తెరిచాడు. "తొందరపడకు. ఎల్లుండికల్ల జవాబు నీ చేతిల ఉంటది. చేత్తోని నేనే రాస్త," అన్నాడు.

ఎల్లుండి పోయింది. వారం పోయింది. యాకయ్య రోజూ పొద్దున టపా మనిషి వచ్చే బాట మీద కూర్చునేవాడు. పన్నెండో రోజున, అమావాస్య రేపనగా, టపా మనిషి దూరం నుంచే చెయ్యి ఊపాడు.

"యాకన్నా! మిఠాయి తీసుకరా ముందుగాల. ఉత్తరానికి పసుపున్నది!"

నిజమే. కవరు నాలుగు మూలలా పసుపు. పెళ్ళి కబురు, పుట్టుక కబురు, మంచి కబురు ఏదైనా మూలకు పసుపు రాసే పంపుతారు. చెడ్డ కబురుకు ఎవడూ రాయడు. ఇక చదవడానికి ఏముంది? యాకయ్య కవరు చించబోతే భార్య చిలుకమ్మ చెయ్యి పట్టుకుంది.

"పసుపు ఉత్తరాన్ని నిలబడి చింపుతవా? దేవుని ముందట వెడ్దాం. రేపు అమాస. అమాస పోయినంక మంచి గడియ జూసి తెరువు."

"లోపల ఏమున్నదో సూడొద్దానె?"

"ఏముంటది? ఇంత పసుపు రాసి లేదని రాస్తరా? నీకు పిచ్చా?"

యాకయ్యకూ అదే సబబనిపించింది. అతను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే మనిషి. మంచి రోజు చూసి నలుగురి ముందు చదివితే ఆ దర్జానే వేరు. కవరు దేవుడి పటం ముందుకు పోయింది. ఎనిమిది రోజుల లెక్క మాత్రం ఆ పొద్దునే మొదలైంది.

పక్క చేను రాంచందర్‌ది. నాలుగేళ్ళుగా యాకయ్య చేను మీద అతని కన్ను. టపా మనిషి నోట కబురు విని మధ్యాహ్నానికే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మేస్త్రీ అయితివట గద యాకన్నా. ఇగ మమ్ములను గుర్తువడ్తవా?"

"రెండు దినాలాగు రాంచందర్. అమాస వోనీ, మాట్లాడుకుందాం."

"కొనెటోనికి గావాలె ముహూర్తం. అమ్మెటోనికి ఎందుకే? రేపు నేను ఎడ్లకు పోతాన. ఎడ్లు కొన్ననంటె నా చేతిల పైస ఉండది. నీ ఇష్టం."

ఆ సాయంత్రం పొద్దు గూకక ముందే స్టాంపు కాగితం మీద యాకయ్య దస్కతు చేశాడు. ధర తక్కువని తెలుసు. నెలజీతం వస్తుంది కదా, మూడేళ్ళలో ఇంతకన్నా మంచి చేను కొంటానని చిలుకమ్మకు చెప్పాడు. ఆమె ఏడవలేదు. పసుపు అట్లా ఉంది మరి.

అమావాస్య వెళ్ళిన రెండో రోజు పొద్దున, నలుగురినీ పిలిచి, కవరు విప్పాడు. గట్టిగా చదవడం మొదలుపెట్టి రెండో వాక్యం దగ్గర గొంతు ఆపేశాడు. మిగతాది పెదవులతోనే చదివాడు.

"యాకయ్య గారికి నమస్కారములు. ఈ కొలువు మీకు ఇవ్వలేకపోతున్నాను. ఈ మాట కోసం మీరు చివరి దాకా వెతుక్కోకూడదని మొదటే రాస్తున్నాను. పన్నెండు బోరెలలో పదకొండింటి రకం మీరు సరిగ్గా చెప్పారు. రెండో అతను తొమ్మిది చెప్పాడు. ఐదో బోరెలో రెండు చేల పత్తి కలిసిందని మీరు పట్టుకున్నారు. దానిని నేను కూడా కనిపెట్టలేదు. మీ చేతి పనిలో లోపం లేదు. అయితే రకం కట్టిన వెంటనే మేస్త్రీ తన చేతితో, సర్కారు భాష అయిన ఉర్దూలో, చీటీ రాయాలి. రైతుకు డబ్బిచ్చేది ఆ చీటీ చూసే. మీరు చెబితే వేరొకరు రాస్తే, తప్పు రాసినా మీకు తెలియదు, నింద మీ మీదికి వస్తుంది. ఆ ఒక్క కారణం వల్లనే అతనిని తీసుకున్నాను. ఈ సంగతి ముందుగానే చెప్పి ఉండవలసింది. చెప్పకుండా మిమ్మల్ని మూడు సార్లు తిప్పినందుకు నన్ను మన్నించండి. చీటీకి కావలసిన ఉర్దూ నలభై మాటలకు మించదు. నేర్చుకుంటానంటే, ఉర్దూ లెక్కలు రాసే మా మునిషీకి చెబుతాను. వచ్చే ఏడు రెండో మేస్త్రీని పెట్టే ఆలోచన ఉంది. మాట ఇవ్వలేను గాని, మీ పేరు రాసి పెట్టుకున్నాను. జమానతు కోసం చేను అమ్ముతానన్నారు. అమ్మవద్దు. ఆలస్యమైతే అమ్ముకుంటారేమోనని ఈ రాత్రే రాసి రేపటి టపాకు వేస్తున్నాను."

కింద తేదీ ఉంది. ఆ తేదీ, పరీక్ష జరిగిన రోజుదే.

చిలుకమ్మ "ఏందయ్యా, ఏందది?" అంటూనే ఉంది. యాకయ్య కవరు మూలలు వేలితో రుద్దాడు. పసుపు పొడిగా రాలలేదు. తడి చేతితో అంటినట్టు కాగితంలోకి ఇంకిపోయింది. ఒక మూలన పసుపులో సన్నటి వేలి గీతలు కనబడుతున్నాయి. మగవాడి వేలు కాదు.

మర్నాడు బస్సెక్కి మిల్లుకు పోయాడు. పసుపెందుకు రాయించావని, ఇన్ని రోజులెందుకు ఆపావని కిషన్ రావు కాలరు పట్టుకుని అడుగుదామనే పోయాడు. గేటు దగ్గర జవాను అతన్ని ఎగాదిగా చూశాడు.

"మేనేజరు సాబా? సాబు పోయి రెండు వారాలాయె. ఆ పరీక్షలు వెట్టిన రాత్రే. ఇంట్ల ఏదో రాసుకుంట కూసున్నడట, అట్లనే బల్ల మీద ఒరిగిండట."

"మరి నాకు ఉత్తరమెవరేసిన్రు?"

"మా ఆఫీసు నుంచైతే ఏ ఉత్తరం పోలే. ఇంటికి వొయి అడుగు. హన్మకొండల."

ఆ ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగా ఉంది. ముందుగది మూలన దీపం వెలుగుతోంది. పక్కన వెదురుబుట్ట బోర్లించి ఉంది. లోపలి గది తలుపు వెనుక నుంచి కిషన్ రావు భార్య సరస్వతి మాట్లాడింది. మనిషి కనబడలేదు.

"నర్సంపేట దిక్కు నుంచి వచ్చిన యాకయ్యవేనా?"

యాకయ్య పేరు చెప్పలేదు ఇంకా. "అవునమ్మా," అన్నాడు.

"ఒస్తవని తెలుసు. కూసో బిడ్డా."

అతను కూర్చోలేదు. ఆమె మెల్లగా, ఎవరికో వినబడకుండా చెబుతున్నట్టు చెప్పింది. మనిషి పోయిన చోట దీపం పెట్టి, పిండి జల్లి, బుట్ట బోర్లించడం వాళ్ళింటి ఆనవాయితీ. పొద్దున తీసి చూస్తే పిండిలో పిట్ట అడుగో, చీమ బారో కనిపించేది. పదో రోజు పొద్దున అవేమీ లేవు. పిండి మధ్యలో నాలుగు మూలల జాగా, గీసినట్టు ఖాళీగా ఉంది. కవరంత జాగా.

"అప్పుడు యాదికొచ్చింది. ఆయన రాసిన ఉత్తరం బల్ల సొరుగులనే ఉండె. కవరు మీద పేరు కూడ ఆయనే రాసిండు. అది పోతేగాని ఆయన పోడనిపించింది. ఆ దినమే నాకు ఆఖరు సారి పసుపు రాసిన్రు, బొట్టు వెట్టిన్రు. గాజులు తీసేటందుకు నన్ను కూసోవెడ్తాంటె, ఆగుండ్రని, ఆ చేతులతోనే ఉత్తరం తీసి టపాల వెయ్యమని ఇచ్చిన. నాలుగు మూలలు పట్టుకున్న. పసుపు అంటిందా బిడ్డా?"

యాకయ్య జేబులో కవరు ఉంది. దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు. "కొంచెం అంటిందమ్మా."

తలుపు వెనుక నుంచి మాట ఈసారి ఇంకా దగ్గరగా వచ్చింది.

"లోపల ఏం రాసిండో నేను సూడలే. అన్నం కాడ మాత్రం ఒకటే మాట. ఆ మనిషి చేను అమ్ముకుంటడేమో, పొద్దుగాలనే పంపాలె అని. అమ్మలేదు గద?"

బస్సులో కూర్చుకుంటూ వచ్చిన తిట్లన్నీ యాకయ్య నాలుక మీదనే ఉన్నాయి. ఒక్కటి విడిచినా చాలు. అతను దీపం వైపు చూశాడు.

"లేదమ్మా. ఉత్తరం టైముకే ముట్టింది. చేను ఉన్నది."

"ఆయనకు గదే ఫికరు," అని ఆమె ఊపిరి వదిలింది.

అప్పుడు బుట్ట కదిలింది. గాలి లేదు, ఎలుక లేదు, ఆ గదిలో యాకయ్య తప్ప మనిషి లేడు. నేల మీద వెదురు రాసుకున్న చప్పుడుతో బుట్ట బెత్తెడు అతని వైపు జరిగి ఆగింది. జరిగిన చోట తెల్లటి పిండి బయటపడింది. దాని మీద ఏముందో చూడకుండా యాకయ్య వెనక్కి నడిచి గడప దాటాడు. చెప్పులు వదిలేసి వచ్చిన సంగతి చౌరస్తా దాకా తెలియలేదు.

చేను ఉన్నదన్న మాట నిజం చెయ్యాలని, ఊళ్ళో దిగీ దిగగానే రాంచందర్ ఇంటికి పోయాడు. పైసలు మూటతో సహా ముందు పెట్టి, కాగితం తిరిగి ఇమ్మన్నాడు.

"చేనేమన్న సంత ఎద్దా యాకన్నా, పండ్లు జూసి వాపసియ్యనీకి? నాగలి గూడ కట్టిన. పో, నీ మేస్త్రీ కొలువు నువ్వు జేసుకో," అన్నాడు రాంచందర్, మూటను కాలితో నెట్టకుండా చేత్తోనే మర్యాదగా జరిపి.

ఆ మూట ఆరు నెలలు తిరక్కుండానే తిండికీ బట్టకూ కరిగిపోయింది. మిల్లుకు ఉర్దూ నేర్చుకోవడానికి యాకయ్య పోలేదు. ఆ బాట తొక్కాలంటే కాళ్ళు రాలేదు. మళ్ళీ అడ్తి కొట్ల ముందు ఎండలోనే నిలబడ్డాడు. పత్తి చూపించే రైతులకు ఈ కథంతా చెబుతాడు. కిషన్ రావును తిట్టడం మొదలుపెట్టి, సగంలో ఆపి, ఎవరూ అడగకపోయినా ఆ చేను లెక్క మాత్రం, ఇంకా తనదే అన్నట్టు, అప్పజెబుతాడు: చెరువు తూము కింద, రేగడి, రెండెకరాల పదకొండు గుంటలు.