చింతపూత కబురు

మరైగూడ ఊళ్లో ఇర్మె అనే ఆవిడ, గింజ తీసిన చింతపండు అమ్మేది ఎండాకాలంలోనే. నిరుడు వానాకాలమంతా ఎవరికీ కబురు పెట్టకుండా ఊరుకుంటే, తన దగ్గర కొనే పాతవాళ్లు వేరేచోట కొనుక్కున్నారు. ఈసారీ అట్లాగే జరుగుతుందేమోనని ఆమె దిగులు.

"గీదం బజార్ల ఫ్లెక్సీ కట్టిద్దామా?" అన్నాడు భర్త లక్మా. దానికి కర్రలు కూడా నరికి తెచ్చాడు.

"పూతే చెప్తదిలే," అని ఇర్మె పూసిన చింతచెట్టు ఫోటో తీసి, వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో కొనేవాళ్లు అరవై మందికి ఒక్కసారే పంపింది. రెండ్రోజులైనా ఎవరూ పలకలేదు.

"మన నంబరు సేవ్ చేసుకున్నోళ్లకే అట్ల పోతది వదినా," అంది ఆడబిడ్డ సునీత.

ఇర్మె ఒక్కొక్కరికీ విడిగా పంపింది: "మా చెట్టు పూసింది. నా నంబరు సేవ్ చేసుకోండ్రి, కాయ రాలంగనే మీకే చెప్తా."

పొద్దుగూకేలోపు భద్రాచలం నుంచి మొదటి జవాబొచ్చింది: "మాకు ఐదు కిలోలు ఉంచక్కా." వెనకాలే ఇంకా చాలా వచ్చాయి.

ఇర్మె ఊపిరి పీల్చుకుని మొగుడికేసి చూసింది. "ఇగ ఆ కర్రలతో కోళ్లగూడు కట్టు."