ఆపరేషన్ చేస్తున్నాం

ఆ మధ్యాహ్నానికి దుబాసీకి మాటంటేనే మొహం మొత్తింది. వెనక గదిలో కూర్చుని, హెడ్‌సెట్ తగిలించుకుని, ఆసుపత్రుల నుంచి వచ్చే ఫోన్లలో ఇంగ్లిషును ఇటాలియన్‌లోకీ ఇటాలియన్‌ను ఇంగ్లిషులోకీ మార్చడం ఆమె ఉద్యోగం. పొద్దున్నుంచి ఒకటే మోత. ఎవరి నడుం నొప్పో, ఎవరి ఏడుపో, అన్నీ ఆమె నోటి గుండానే పోవాలి. వాళ్లు "నేను" అంటే ఆమె కూడా "నేను" అనాలి. రోజంతా అందరి "నేను"లూ మోసేసరికి సొంత నేనుకు ఓపిక మిగలదు.

"కాస్త ఎంగిలి పడవే, ఆ నోరు అరిగిపోగలదు," అని వంటింట్లోంచి పిన్ని అరిచింది.

"వస్తున్నా పిన్నీ," అంది కుర్చీలోంచి కదలకుండానే. మన వస్తున్నాలు అలాగే ఉంటాయి.

అంతలో ఇంకో కాల్. ఒక వైపు సర్జన్, ఇంకో వైపు హోటల్ గదిలో ఒక ఇటాలియన్ ఇల్లాలు. ఊళ్లు చూడ్డానికి వచ్చిన మొగుడు తెల్లవారుజామున ఒక్కడే నడకకు వెళ్లి కుప్పకూలితే, ఎవరో ఆసుపత్రిలో చేర్చారు. సర్జన్‌కు ఊపిరి తీసుకునే తీరిక లేదు. స్కాన్ బాగాలేదు, ఆపరేషన్ చేస్తున్నాం, గుండె బలహీనంగా ఉంది, మాటివ్వలేను, అయ్యాక ఫోన్ చేస్తాను అన్నాడు.

ఆపరేషన్ చేస్తున్నాం అన్న చోట, "లో స్తియామో ఒపెరాందో," అంది దుబాసీ.

ఆవిడ మెల్లగా, "అయితే ఇక్కడే ఎదురుచూస్తాను," అంది. సర్జన్ సరేనన్నాడు. కాల్ అయిపోయింది.

దుబాసీ కంచం ముందు కూర్చుని ముద్ద కలుపుతుంటే అనుమానం వచ్చింది. మొగుడికి ప్రాణం మీదికొస్తే ఏ భార్య హోటల్ గదిలో కూర్చుంటుంది? పరుగెత్తుకు రాదూ? అప్పుడు తట్టింది, తన నోటి నుంచి ఏం వచ్చిందో.

"చేస్తున్నాం" అని ఇంగ్లిషువాడు రేపటి పనికీ అంటాడు, ఇప్పటి పనికీ అంటాడు. మనమూ అంతే. ఇటాలియన్‌లో అలా కుదరదు. అనుకున్న పనైతే మామూలు వర్తమానంలో "లో ఒపెరియామో" అనాలి. స్తారే అనే సహాయక్రియ చేర్చి "స్తియామో ఒపెరాందో" అంటే కత్తి ఒంటి మీద ఉన్నట్టే, ఈ క్షణాన కోస్తున్నట్టే. కొత్తగా చేరిన దుబాసీలకు ఈ సంగతి నేర్పేది తనే. అలిసిపోయిన బుర్ర ఇంగ్లిషు మాటకు మాట అతికించేసింది. ఇప్పుడా ఇల్లాలు తన మొగుడు బల్ల మీద ఉన్నాడనుకుంటోంది. వెళ్లినా చూడనివ్వరనుకుని కూర్చుంది.

కాల్ అయ్యాక దుబాసీలు సొంతంగా ఎవరికీ ఫోన్ చేయకూడదు. నంబర్లే ఉండవు. సూపర్‌వైజరుకు చెప్పాలి. చెప్తే తప్పు రికార్డుకెక్కుతుంది, ఆసుపత్రి కాల్స్ పోతాయి, ఇల్లు నడిచేది వాటితోనే. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆమెకు నిజంగానే అలా వదిలేసి పడుకోవాలనిపించింది. ఆ సంగతికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"నీ మెడకు నువ్వే ఉరి బిగించుకుంటున్నావమ్మా," అన్నాడు సూపర్‌వైజర్ అంతా విని.

"బిగించండి సార్. ముందు ఆవిడకి కలపండి."

ఆయన ఆసుపత్రిని అడిగి, ఇంకా లోపలికి తీసుకెళ్లలేదని చెప్పి లైను కలిపాడు. ఆవిడ మొదటి మోతకే ఎత్తింది. "అయిపోయిందా?"

"లేదు సిన్యోరా. ఇంకా మొదలుపెట్టలేదు. దుబాసీ పొరబడింది. మీరు వెంటనే వెళ్లండి," అంది దుబాసీ. తన సంగతి చెప్పేటప్పుడు మాత్రం నేను అనకూడదు.

ఫోన్ మంచం మీద పడ్డ చప్పుడు, ఆ వెంటనే తలుపు చప్పుడు.

మళ్లీ ఆసుపత్రి నుంచి కాల్ వచ్చేదాకా దుబాసీ ఆ కుర్చీలోనే ఉంది. ఈసారి నర్సు. మనిషిని ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్లాలి, ఆవిడకేమైనా అడగాలని ఉందేమో కనుక్కోమంది. నర్సు గొంతు వెనకాల ఎవరో ముసలాయన నెమ్మదిగా నవ్వుతున్నాడు, ఆవిడ తిడుతోంది. గుండెలో మంటను నాతో చెప్పకుండా దాస్తావా అని తిట్లు. వాటిని మార్చమని ఎవరూ అడగలేదు, దుబాసీకి ప్రాణం లేచొచ్చింది.

చక్రాల మంచం కదిలిపోయాక ఆవిడ ఫోన్ దగ్గరికి వచ్చింది. "ఇందాకటి అమ్మాయివేనా?"

దుబాసీ సొంతంగా జవాబివ్వకూడదు. ఊరుకుంది. ఊరుకోవడంలోనే ఆవిడకు తెలిసిపోయినట్టుంది.

"లో స్తావో జా ప్యాంజెందో," అంది ఆవిడ. తిట్టలేదు. గొంతులో అలసట తప్ప ఏమీ లేదు.

"ఏమంటోంది?" అని నర్సు అడిగింది.

ఈసారి మాటకు మాట అతికిస్తే చాలు. స్తావోలోని ఆ స్తారే, ఇంగ్లిషులో జరుగుతున్న పనికి వాడే రూపం ఇక్కడ ఒకదానికొకటి సరిగ్గా సరిపోయాయి. దుబాసీ కళ్లు తుడుచుకుని, నియమం ప్రకారం, ఆవిడ నేనునే తన నేనుగా చేసుకుని చెప్పింది.

"ఆయన పోయాడనే అనుకుని అప్పటికే ఏడుస్తూ ఉన్నాను."