వేరే తీసిపెట్టిన డబ్బా

తమ్ముడు భూమన్న వచ్చి చేయి పట్టుకుని పిలిస్తే తప్ప ముద్ద ముట్టనని, లింబయ్య బోధన్ ఫంక్షన్ హాల్ గేటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లోపల భూమన్న బిడ్డ అఖిల పెళ్లి. వర్నిలో పొలం గట్టు దగ్గర మొదలైన తగాదాతో అన్నదమ్ములకు ఏళ్ల తరబడి మాటల్లేవు. అఖిల తానే ఇంటికి వచ్చి బొట్టు పెట్టి, పెద్దబాపు రాకుంటే పీటల మీద కూర్చోనంది. అందుకని వచ్చాడు. వచ్చినంత మాత్రాన తినాలని ఎక్కడుంది?

భార్య చంద్రవ్వ మధ్యాహ్నం మొదటి వరుసలోనే తినేసి, మూతి తుడుచుకుంటూ వచ్చింది.

"బగారన్నం పొగలు గక్కుతున్నది. లే, తినిరా."

"నువ్వు తిన్నవ్ గద. నీ ఇజ్జత్ నీది, నా ఇజ్జత్ నాది."

"పెండ్లిపిల్ల గూడ గిన్ని నకరాలు జేస్తలేదు," అని ఆమె ఆడవాళ్ల వైపు వెళ్లిపోయింది.

భూమన్నకు తీరిక ఎక్కడిది? తలంబ్రాలు, ఫోటోలు, ముప్కాల్ నుంచి వచ్చిన వియ్యాలవారి మర్యాదలు. మేనల్లుడిని పంపాడు. కాసేపాగి బామ్మర్దిని పంపాడు. "పిలవాల్సినోడు రాకుంట పోరగాండ్లను తోలుతడా?" అని లింబయ్య ఇద్దరినీ తిప్పి పంపాడు. లోపల బఫే బల్లల మీద మంటలు ఆరిపోయాయి. వంటవాళ్లు పెద్ద గంజు మీద మూతవేసి నీడకు ఒరిగారు. తెల్లవారకముందు వండిన అన్నం అందులో సగం మిగిలే ఉంది.

పొద్దు వాలాక భూమన్న చెమటలు కక్కుతూ వచ్చి అన్న చేయి పట్టుకున్నాడు. "తప్పయింది అన్నా. లే." లింబయ్య ఇంకాస్త బిగుసుకుని, అప్పుడు లేచాడు.

చంద్రవ్వ కూడా వచ్చి పక్కన కూర్చుంది. భూమన్న భార్య రేణుకమ్మ లోపలి గదిలోంచి స్టీలు డబ్బా తెచ్చింది. "బఫేల అయిపోతదేమోనని మధ్యానమే గంజులకెళ్లి తీసిపెట్టిన బావా. ఇప్పుడే జర వేడి చేసిన."

అందరూ బఫే నుంచి తింటే తనకు మాత్రం వేరే డబ్బా! రేణుకమ్మ గరిటె పట్టుకుని పక్కనే నిలబడింది. ముద్ద ముద్దకూ అతని మొహం వైపే చూసింది. వద్దనేలోపే మళ్లీ వడ్డించింది.

"నువ్వు తినవా?" అన్నాడు.

"బిడ్డను పంపినంక తింట. ఇప్పుడు ముద్ద దిగది."

మిగిలింది కూడా డబ్బాలోనే సర్ది అతని చేతికిచ్చింది. లింబయ్య అప్పగింతలకు ఆగలేదు. చంద్రవ్వను బండి ఎక్కించుకుని బయలుదేరాడు. రుద్రూర్‌లో తెలిసిన మనిషి దగ్గర కూర్చుని, పెళ్లివాళ్లను తిట్టుకుంటూ చాయ్ తాగి, మళ్లీ బండెక్కి కొంతదూరం పోయాక ఆపేశాడు. చెరకు తోట గట్టు మీద కూర్చుని కక్కాడు. మళ్లీ కక్కాడు. కళ్లు బైర్లు కమ్మాయి.

"గిట్ల కక్కుతున్నవ్, ఏమైందయ్యా?" అంది చంద్రవ్వ.

"డబ్బ తిన్న. అది పెట్టింది తిన్న!" అన్నాడు లింబయ్య. "నువ్వు బాగనే ఉన్నవ్ గద. నువ్వు బఫేల తిన్నవ్. నాకొక్కనికే డబ్బ. ఎందుకు పెట్టింది?"

చంద్రవ్వ బండిని అక్కడే వదిలి అతన్ని ఆటోలో బోధన్ దవాఖానకు తెచ్చింది. సెలైన్ ఎక్కిస్తున్న డాక్టరమ్మతో లింబయ్య, తనకు అన్నంలో విషం పెట్టారన్నాడు. ఆ మాట వింటే దవాఖాన వాళ్లు పోలీసులకు చెప్పక తప్పదు. కాసేపటికే కానిస్టేబుల్ దేవిదాస్ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"ఎవరి మీద అనుమానం?"

"నా తమ్ముని పెండ్లం. గెట్టు కాడ పగ. సూడు, నిషాని." మంచం కింద దాచిన డబ్బా చూపించాడు. "ముద్ద ముద్ద చేదుగున్నది సారూ. అప్పుడే అనుకున్న."

"అప్పుడు రెండుసార్లు పెట్టించుకున్నవ్ గద," అంది చంద్రవ్వ.

"నువ్వు నోర్ముయ్!"

దేవిదాస్ తల గోక్కున్నాడు. "అన్నా, గీ పేరు రాస్తే ఆమెను ఇప్పుడే స్టేషన్‌కు పిలవాలె. అక్కడ అప్పగింతలైతున్నయ్. వియ్యాలోళ్ల ముందట పెండ్లిపిల్ల తల్లిని జీపెక్కిస్తే పిల్ల బతుకేం గావాలె? మంచిగ యాది జేస్కొని చెప్పు."

లింబయ్యకు బొట్టు పెట్టిన అఖిల చేయి గుర్తుకొచ్చింది. వెంటనే గరిటె పట్టిన రేణుకమ్మ చూపు కూడా గుర్తుకొచ్చింది. "రాయి," అన్నాడు.

అప్పుడే వార్డు తలుపు దగ్గర గోల. ఫంక్షన్ హాల్‌లో ప్లేట్లు కడిగే ఆడవాళ్లు, వడ్డించే కుర్రాళ్లు కడుపులు పట్టుకుని వచ్చారు. ఒకామె నడుస్తూనే బకెట్‌లో కక్కుతోంది.

డాక్టరమ్మ వాళ్ల వైపు పరుగెత్తింది. "ఏం తిన్నరు? ఎప్పుడు తిన్నరు?"

"మేం ఎప్పుడు తింటం మేడమ్? అందరు తిన్నంకనే తింటం," అంది బకెట్ ఆమె. "గంజులున్న బగారన్నం. పారబొయ్యద్దని తిన్నం. వాసన గూడ రాలె."

"మధ్యాహ్నం వేడిగా తిన్నవాళ్లకు?"

"వాళ్లకేమైతది? డీజే కాడ ఎగురుతున్రు."

డాక్టరమ్మ లింబయ్య వైపు తిరిగింది. "మీ డబ్బాలోదీ ఆ గంజులోని అన్నమేనా?"

"గంజులకెళ్లి తీసినన్నది," అని చంద్రవ్వే చెప్పింది. "మళ్ల వేడి గూడ చేసింది."

"చూడబోతే దీనికంతా కారణం ఆ అన్నమే. వండిన అన్నం మంట మీద వేడిగా ఉండాలి, లేదంటే త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. గోరువెచ్చగా మూతేసి గంటలకొద్దీ ఉంచితే అందులో సూక్ష్మజీవి పెరిగి విషం కడుతుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వాసన రాదు, చూస్తే తెలియదు. డబ్బా పరీక్షకు పంపుదాం."

"మరి నన్నే ఎందుకు సూసుకుంట నిలవడ్డది?" అన్నాడు లింబయ్య. గొంతులో ముందున్న పదును లేదు.

"ఎన్నేండ్లకో తింటున్నవని సూసింది!" చంద్రవ్వ మండిపడింది. "పొగలొచ్చినప్పుడు పిలిస్తే లేవలే. నీ మీద పగుంటె మరి ప్లేట్లు కడిగేదానికి ఎందుకు గిట్లైంది? దానికి గూడ మనతోటి గెట్టు పంచాయితీ ఉన్నదా?"

బకెట్ ఆమె అంత బాధలోనూ తలెత్తింది. "నాకు గెట్టు గాదు, గజం జాగ లేదక్కా."

దేవిదాస్ నవ్వు ఆపుకుని పెన్ను సర్దుకున్నాడు. "మరి పేరు రాయాల్నా?"

లింబయ్య గోడ వైపు తిరిగాడు. 

"అన్నం పేరు రాయి," అన్నాడు చివరికి.

ఎవరు కబురు చెప్పారో, భూమన్నా రేణుకమ్మా పట్టుబట్టలతోనే వచ్చారు. తను రాయించబోయిన పేరు వాళ్ల చెవిన పడిందో లేదో లింబయ్యకు తెలియలేదు. రేణుకమ్మ మొహం చూశాడు. ఏమీ దొరకలేదు.

"కారు ఆపిచ్చినం అన్నా," అన్నాడు భూమన్న. "పెద్దబాపును సూడంది కదలనని బిడ్డ హాల్ గేటు కాడ కూసున్నది. అచ్చం నీ లెక్కనే."

డాక్టరమ్మ ఇచ్చిన ఓఆర్ఎస్ పొడిని రేణుకమ్మ సీసా నీళ్లలో కలిపింది. గ్లాసులో పోసి అతని ముందు పెట్టింది. లింబయ్య గ్లాసు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, చేయి చాచలేదు.

రేణుకమ్మ గ్లాసు వెనక్కి తీసుకుని గుక్కెడు తాగింది. అతని కళ్ల ముందే మింగింది. మిగిలింది మళ్లీ అతని ముందు పెట్టింది.

"ఒక్క పిలుపుకే తాగుతవా బావా, మళ్ల మీ తమ్ముడే చెయ్యి పట్టాల్నా?"

చంద్రవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లింబయ్య గ్లాసు అందుకున్నాడు. చిన్న గుక్క తాగాడు. నాలుక మీద తిప్పి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఉప్పుప్పగున్నదేంది?"

"అది ఉప్పే బావా," అంది రేణుకమ్మ. "తాగు. బిడ్డ ఎదురు సూస్తున్నది."