నూట నలభై రెండు మెట్ల పైన నిశ్శబ్దం

పెద్దమ్మ ఇరవై ఏడేళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చుంది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎంత ఆలస్యమో, ఎవరి గొడుగు ఎక్కడ దొరికిందో వచ్చేపోయే జనానికంతా చెప్పింది. రిటైరయ్యాక దాచుకున్నదంతా పెట్టి కొండ మీద రెండు గదుల పెంకుటిల్లు కొనుక్కుంది. ముందు గది అతిథులకి, వెనక గది తనకి, రెంటికీ కలిపి ఒకే వరండా. మైకుని బస్టాండులోనే వదిలేసి వచ్చింది. గొంతు మాత్రం వెంట తెచ్చుకుంది.

మూడేళ్లు ఇల్లు బాగానే నడిచింది. అప్పుడు గదిని రోజువారీ అద్దెకి లిస్టింగులో పెట్టిన సైటు నుంచి ఓ మెయిల్ వచ్చింది. అందులో మర్యాదలకేం లోటు లేదు గానీ, సంగతి ఇదీ: "మీ ఇల్లు వివరణలో రాసినట్టు లేదని అతిథులు అంటున్నారు. ఆ విభాగంలో మీకు అయిదుకి రెండున్నర వచ్చింది. రాబోయే మూడు రివ్యూల్లో మార్పు కనిపించకపోతే లిస్టింగు తీసేస్తాం."

పెద్దమ్మ వెంటనే చెల్లెలి కూతురికి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి పట్నంలో మిక్సీలకీ పరుపులకీ కేటలాగు రాతలు రాసే ఉద్యోగంలో ఉంది.

"పరుపు గురించి పేజీన్నర రాస్తావు కదే, నా ఇంటి గురించి రాయలేవూ? లిస్టింగు పోతే ఈ కొండ మీదికి నా మొహం చూడ్డానికి ఎవరొస్తారు? నేను గోడలతో మాట్లాడుకోవాలా?" అంది.

చివరి మాట అమ్మాయికి గుచ్చుకుంది. మూడు రోజులు సెలవు పెట్టి బయల్దేరింది.

పాత వివరణ పెద్దమ్మ రాసింది కాదు. ఫోటోలు తియ్యడానికొచ్చిన ఫోటోగ్రాఫరు పనిలో పనిగా రాసిపెట్టి పోయాడు. "మేఘాల ఒడిలో స్వర్గధామం! ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లు! హైస్పీడ్ ఇంటర్నెట్! గుమ్మం దాకా కారు! అద్భుతమైన లోయ అందాలు! పరిపూర్ణ నిశ్శబ్దం!" మహానుభావుడు ఆశ్చర్యార్థకాలు ఉచితంగా చల్లాడు. కారైతే కొండ మలుపు దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి మెట్లు.

"మెట్లెన్ని పెద్దమ్మా?"

"ఓ నూరుంటాయి."

ఇద్దరూ దిగి, లెక్కపెట్టుకుంటూ ఎక్కారు. నూట నలభై రెండు. పెద్దమ్మ ఎక్కినంతసేపూ మాట్లాడుతూనే ఉంది, అయినా ఆయాసం రాలేదు. అమ్మాయికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. "మెట్ల సంగతి రెండో వాక్యంలోనే రాయాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అక్కడే ఆగిపోతారు" అంది.

"ఆగిపోతే ఎలాగే!"

"బుక్ చెయ్యకుండా ఆగిపోతే నీకేం నష్టం లేదు. ఎక్కాక తిట్టుకుంటే నష్టం."

ఆ పూటంతా సౌకర్యాల జాబితాలో ఫోటోగ్రాఫరు పెట్టిన టిక్కులు తీసెయ్యడంతోనే సరిపోయింది. ఇంటర్నెట్ వరండాలో ఎడమ మూల కుర్చీలో కూర్చుంటేనే వస్తుంది, టిక్కు తీసి ఆ మాటే రాసింది. గీజరు చిన్నది, ఒకరు స్నానం చేశాక ఇరవై నిమిషాలు ఆగాలి. అదీ రాసింది. లోయ కనిపించే మాట నిజమే, కాకపోతే పొద్దున తొమ్మిది దాకా మంచే కనిపిస్తుంది. ఫోటోల్లో మొదటిది తీసేసి, మంచు కమ్మిన వరండా ఫోటో ఒకటి తనే తీసి పెట్టింది. లిస్టింగు పేరుకి సైటు ఇచ్చేది యాభై అక్షరాలే. స్వర్గధామాన్ని కొట్టేసి, "కొండ మీద గది, వరండా, 142 మెట్లు" అని పెట్టింది. పెద్దమ్మ చూసి, "ఇదేంటే, కరెంటు బిల్లులా ఉంది" అంది.

మిగిలింది నిశ్శబ్దం. అసలు అమ్ముడుపోయే సరుకు అదొక్కటే. వచ్చేవాళ్లందరూ దానికోసమే వస్తారు. అందుకే ఆ మాట ఊరికే రాయకూడదని అమ్మాయి పట్టుబట్టింది. మర్నాడు పొద్దున్నించి సాయంత్రం దాకా వరండాలో కూర్చుని, వినబడిన ప్రతి చప్పుడూ టైముతో సహా నోటుబుక్కులో రాసుకుంది.

ఆరుంబావుకి కింద మలుపులో పాలవ్యాను హారన్, రెండుసార్లు. ఆరున్నరకి పెద్దమ్మ, పాలవ్యాను డ్రైవరు పెళ్లి ఎందుకు తప్పిపోయిందో. ఏడింటికి పిట్టలు. ఏడూ అయిదుకి పెద్దమ్మ, ఆ పిట్టల గురించి. పదకొండింటికి పక్క తోటలో నీళ్ల మోటారు, నలభై నిమిషాలు. పదకొండుంబావుకి పెద్దమ్మ, మోటారు చప్పుడు దాటి వినబడేలా. మధ్యాహ్నం పెంకుల మీద ఏదో ఉడుత. తర్వాత పెద్దమ్మ, పెద్దమ్మ, మళ్లీ పెద్దమ్మ.

సాయంత్రం లెక్క చూస్తే ముప్ఫయ్యొక్క చప్పుళ్లు. అందులో ఇరవై రెండు ఒకే మనిషివి.

అమ్మాయి పెన్ను మూత నమిలింది. తర్వాత ఏదో తట్టి, "పెద్దమ్మా, రివ్యూలతో పాటు నీకు విడిగా సందేశాలు కూడా వస్తాయిగా, అవి చదివావా?" అని అడిగింది.

"ప్రైవేట్ అని ఉంటాయి, అవేనా? లేదే. ప్రైవేట్ అని రాసి ఉంటే నేనెందుకు చదువుతాను? బస్టాండులో ఎన్ని బ్యాగులు దొరికాయి! ఒక్కదాని జిప్పన్నా తీశానా?" అని పెద్దమ్మ పాలగిన్నె తీసుకుని కిందికి వెళ్లింది.

అవి ఇంటావిడ ఒక్కర్తే చదవాలని అతిథులు రాసిన చీటీలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మూడేళ్లుగా ఆవిడ తన ఉత్తరాలనే దొరికిన బ్యాగుల్లా భద్రంగా, తెరవకుండా ఉంచింది. అమ్మాయి తెరిచింది. పదకొండున్నాయి.

"మీరు చాలా మంచివారు. కానీ మేం నిశ్శబ్దం కోసం వచ్చాం." "పైకి రాస్తే బాధపడతారని గీజరు మీద పెట్టి రాశాను, ఏమీ అనుకోకండి." "మావారు పుస్తకం మొదటి పేజీ రెండు రోజులు చదివారు." అన్నీ ఇదే వరస. అంటే గీజరు పాపం ఆ నిందంతా ఊరికే మోసిందన్నమాట!

అమ్మాయి ఆ చీటీలు మూసేసింది. ఎలా చెప్పాలి? ఈవిడ మనుషుల కోసమే ఇల్లు కొనుక్కుంది. మాట్లాడకండి అంటే ఆవిడ ప్రాణం తీసినట్టే. చెప్పకపోతే మూడు రివ్యూలు దాటాక మనుషులే రారు. పిరికిదానిలా వివరణ మాత్రం పూర్తి చేసింది.

రాత్రి కాకముందే పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని దాన్ని పైకి చదివింది, బస్టాండు గొంతుతోనే.

"ఇక్కడ టీవీ లేదు. దగ్గర్లో చూడదగ్గ ప్రదేశాలంటూ లేవు. ఉదయం ఆరుంబావుకి కింద రోడ్డు మీద పాలవ్యాను హారన్ వినిపిస్తుంది. పదకొండింటికి పక్క తోటలో మోటారు నలభై నిమిషాలు నడుస్తుంది. అవి పోను ఇక్కడ నిశ్శబ్దమే."

ఆగింది. మళ్లీ చివరి వాక్యం చదివింది, ఈసారి లోపల.

"అవి పోను నిశ్శబ్దమే అని రాశావు. మరి నేనేమయ్యానే?"

అమ్మాయి నోటుబుక్కు పక్కకి జరపబోయింది. పెద్దమ్మ చెయ్యి చాపి నోటుబుక్కు లాక్కుంది. ఇరవై రెండు చోట్ల తన పేరు వేలితో తడుముతూ చదువుకుంది. ఇక దాచి లాభం లేదని అమ్మాయి ఆ పదకొండు చీటీలూ తెరిచి ముందు పెట్టింది.

పెద్దమ్మ పదకొండూ చదివింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఆ పుస్తకం ఆయన మంచివాడే. తలూపుతూనే ఉన్నాడు, వింటున్నాడనుకున్నాను" అంది.

"పెద్దమ్మా..."

"నోర్ముయ్. మెట్లు రాశావు, మంచు రాశావు, ఉడుతని కూడా వదిలిపెట్టలేదు. నన్ను దాస్తే అబద్ధం కాదూ? నేను ఇరవై ఏడేళ్లు రాని బస్సుని వస్తుందని ఒక్కసారైనా చెప్పలేదు. రాసుకో." నిటారుగా కూర్చుని ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. "ఇంటావిడ వెనక గదిలోనే ఉంటారు. ఆవిడ బాగా మాట్లాడతారు. వద్దనుకుంటే వరండా కొక్కేనికి ఎర్ర తువ్వాలు తగిలించండి. అది ఉన్నంతసేపూ ఆవిడ పలకరించరు. తువ్వాలు గదిలోనే ఉంటుంది."

అమ్మాయి అక్షరం మార్చకుండా ఎక్కించింది.

మొదట ఒక జంట వచ్చింది. సంచులు దించకముందే తువ్వాలు తగిలించారు. పెద్దమ్మ రెండు రోజులు నోటికి తాళం వేసుకుంది. టీ గుమ్మంలో పెట్టి, వేలితో చూపించి వెళ్లిపోయింది. వాళ్లు వెళ్లాక అమ్మాయికి ఫోన్ చేసి రెండు గంటల పాటు మాట్లాడింది. "పాలవ్యాను వాడికి పెళ్లి కుదిరిందే! చెప్పుకోడానికి మనిషి లేక కడుపుబ్బి చచ్చాను!" రివ్యూలో అయిదుకి అయిదు: "రాసింది రాసినట్టే ఉంది."

తర్వాత ఒక లెక్కల మాస్టారు వచ్చాడు. ఆయనా తువ్వాలు తగిలించాడు, నాలుగు రోజులూ తియ్యలేదు. వివరణకి అయిదుకి అయిదు, మొత్తమ్మీద మాత్రం నాలుగు. "మెట్లు 143. అన్నింటికన్నా కిందది మట్టిలో కూరుకుపోయింది" అని రాశాడు. పెద్దమ్మ పార పట్టుకెళ్లి తవ్వి చూసింది. ఉంది. లిస్టింగు పేరులో అంకె మార్పించింది.

ఇక ఒక్క రివ్యూ గట్టెక్కితే చాలు, లిస్టింగు నిలుస్తుంది. కానీ ఈసారి ఫోన్లో పెద్దమ్మ గొంతులో ఉత్సాహం లేదు. "ఇల్లు నిలబడుతుందిలే. నాకే ఇది సత్రంలా ఉంది, సత్రానికి నేను వాచ్‌మన్‌ని" అంది. అమ్మాయి ఆ రోజు ఏ పరుపు గురించీ ఒక్క ముక్క రాయలేకపోయింది.

మూడోసారి ఒంటరిగా ఓ నర్సు వచ్చింది. తువ్వాలు తగిలించి రోజున్నర పడుకుంది. రెండో రోజు సాయంత్రం పెద్దమ్మ టీ పెట్టడానికొస్తే కొక్కెం ఖాళీగా ఉంది. గాలికి పడిందేమోనని నేలంతా వెతికింది. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి పెద్దమ్మ గది గుమ్మంలోనే ఉంది. నర్సు ఇంటర్నెట్ వచ్చే ఎడమ మూల కుర్చీ వదిలేసి పక్క కుర్చీలో కూర్చుని, "ఆ పిట్టలేమిటండీ?" అని అడిగింది.

ఈ సంగతి అమ్మాయికి వారం తర్వాతే తెలిసింది, రివ్యూ చూశాక. అయిదుకి అయిదు. లిస్టింగు నిలిచింది. దాని కింద పెద్దమ్మకి మాత్రమే ఒక చీటీ వచ్చి ఉంది. అమ్మాయి దాన్ని తెరవలేదు. ఫోన్ చేసి, "పెద్దమ్మా, నీకో ఉత్తరం. నువ్వే చదువు" అంది.

అటువైపు కళ్లజోడు పెట్టె తెరుచుకున్న చప్పుడు. పెద్దమ్మ బస్టాండు గొంతుతోనే మొదలుపెట్టింది: "ఆసుపత్రిలో రోజంతా అందరూ నాకు నొప్పులే చెబుతారు. ఇన్నేళ్లలో పిట్టల గురించి చెప్పింది మీరొక్కరే. వచ్చే నెల మళ్లీ వస్తాను. నేనొచ్చేసరికి ఆ తువ్వాలు దాచేసి..."

అక్కడ ఆగిపోయింది. అమ్మాయి చాలాసేపు ఆగింది. ఫోన్లో పిట్టల కూతలు, దూరంగా ఏదో హారన్, అంతే. అమ్మాయికి బుద్ధెరిగాక, తువ్వాలు అడ్డం లేకుండా పెద్దమ్మ అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఇదే మొదటిసారి.

"పెద్దమ్మా, లైన్లో ఉన్నావా?"

"ఉన్నానే" అంది పెద్దమ్మ. "ఏం మాట్లాడాలో తోచట్లేదు."